గది అడిగిన స్నేహితురాలికి "చూద్దాం" అనకండి



ఏప్రిల్ వచ్చేసింది. డిగ్రీ ఆఖరి పరీక్షలు అవగానే పోస్ట్ మెట్రిక్ హాస్టళ్ళలో ఉన్న ఫైనలియర్ వాళ్ళమంతా పెట్టె సర్దుకోవాలి. ఊరికి వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతారు. కోచింగ్ తీసుకోవాలనో, ఉద్యోగం చేసుకోవాలనో అనుకునేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి పట్నంలో ఒక పోర్షన్ చూసుకుంటారు. ఫలానావాళ్ళకి గది దొరికిందంట అని హాస్టల్లో తెలిసిన మర్నాటి నుంచీ ఒక మాట వినబడుతుంది. "నేనూ మీతోనే ఉండిపోతానే, నాకు ఒక మూల చాలు." అడిగేది బయటి మనిషి కాదు. మన ఊరి పిల్లో, ఆశ్రమ పాఠశాలలో మన పక్కన పడుకున్న పిల్లో అయ్యుంటుంది.

మేం రాసేది ఆ మాటకి ఇచ్చే జవాబు గురించి. మా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాం. ఒప్పుకోవడం కుదరదని మనకి తెలిసినప్పుడు ఆ సంగతి త్వరగా చెప్పాలి, ఎదురుగా కూర్చుని చెప్పాలి, అసలు కారణంతో చెప్పాలి. "చూద్దాం" అనకూడదు. స్నేహం చెడేది "కుదరదు" అన్నందుకు కన్నా "చూద్దాం, చూద్దాం" అని నాన్చినందుకే ఎక్కువ.

మేం ముగ్గురం. ముగ్గురి ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. ఒకామె బ్యాంకు పరీక్షలకి, ఇద్దరం గ్రూప్స్‌కి చదువుదామనుకున్నాం. విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఒక సందులో చిన్న పోర్షన్ దొరికింది. ఒక గది, ఒక వంటగది, ఒక బాత్రూమ్. కోచింగ్ సెంటర్లూ పబ్లిక్ లైబ్రరీ ఉన్న ద్వారకానగర్‌కి నడిచి పోవచ్చని అటే వెతికాం. ఇప్పుడున్నవాళ్ళు ఏప్రిల్ నెలాఖరుకి ఖాళీ చేస్తారు, మే ఒకటి నుంచి మాది. అద్దె 7,500. రెండు నెలల అడ్వాన్సు 15,000. కరెంటు మీటరు విడిగా ఉంది. మార్చి మొదట్లో అడ్వాన్సు కట్టాం. మనిషికి 5,000. ఒకరింట్లో మిరియాలు అమ్మిన డబ్బు, ఒకరింట్లో మేకని అమ్మిన డబ్బు, ఒకరు సెలవుల్లో పనికెళ్ళి దాచుకున్న డబ్బు.

అడ్వాన్సు కట్టిన వారానికే మా స్నేహితురాలు అడిగింది. మాలో ఒకామెకి వరసకి వదిన అవుతుంది, ఇద్దరిదీ ఒకే పంచాయతీ. ఆరో తరగతి నుంచీ మేం నలుగురం కలిసే ఉన్నాం. తనూ ఇదే హాస్టల్లో ఉంది, తనూ ఖాళీ చెయ్యాలి. మే నుంచి జగదాంబ దగ్గర ఒక బట్టల షాపులో ఉద్యోగం ఖాయమైంది. పొద్దున 11 గంటలకి వెళ్తే రాత్రి తొమ్మిదిన్నరకి షాపు కట్టేస్తారు. అక్కడి నుంచి బస్సెక్కి అక్కయ్యపాలెం చేరేసరికి పదింబావు.

తను అడిగింది అన్యాయమైన కోరిక కాదు. లెక్క వేసి మరీ అడిగింది. ముగ్గురుంటే అద్దె మనిషికి 2,500, నలుగురైతే 1,875. "నేనొస్తే మీకు తలా 625 మిగులుతుంది కదే" అంది. నిజమే. మా ఇళ్ళలో 625 రూపాయలంటే చిన్న డబ్బు కాదు. ఆ మిగులుకి బదులుగా మేం ఏమిస్తామో కూడా చూడాలి కదా అని ముగ్గురం కూర్చుని లెక్క వేశాం.

ముందు గది. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. మనిషికి మూడడుగుల వెడల్పు చాప అనుకుంటే ముగ్గురం పది అడుగుల వైపు పక్కపక్కన పడుకోవచ్చు. గదిలో సగం చాపలకి పోతుంది, సగం మిగులుతుంది. ఆ సగంలో పెట్టెలు, ఒక బల్ల, బల్ల ముందు మనిషి కూర్చునే చోటు. అంటే ఇద్దరు పడుకున్నా మూడో మనిషి చదువుకోవచ్చు. నలుగురైతే చాపలు పన్నెండడుగుల వైపు పరవాలి. అవతల నాలుగడుగుల పట్టీ మిగులుతుంది. అందులో పెట్టెలకి రెండడుగులు పోతే మిగతా రెండడుగులు నడవడానికే. బల్ల మడిచి వంటగదిలో పెట్టాలి. నలుగురు పడుకోలేరా అంటే పడుకోగలరు. ఆశ్రమ పాఠశాలలో ఇంతకన్నా ఇరుకులో పడుకున్నాం. కాని మేం ఈ గది తీసుకుంది పడుకోవడానికి కాదు, చదవడానికి.

అసలు అడ్డు మాత్రం గది కొలత కాదు, గడియారం. మేం తెల్లారి నాలుగున్నరకి లేవాలని ఖాయం చేసుకున్నాం. అంటే రాత్రి పదింటికి లైటు ఆర్పాలి. ఉన్నది ఒకటే గది, ఒకటే ట్యూబులైటు. తను వచ్చేదే పదింబావుకి. వచ్చాక స్నానం చెయ్యాలి, అన్నం వేడి చేసుకోవాలి, తినాలి. పదిన్నర గంటలు నిలబడి వచ్చిన మనిషికి ఓ గంట ఫోనులో ఇంటివాళ్ళతో మాట్లాడుకోవాలనిపిస్తుంది, ఓ వీడియో చూసి నవ్వుకోవాలనిపిస్తుంది. అందులో తప్పేముంది? పడుకునేసరికి పన్నెండు. మళ్ళీ నాలుగున్నరకి మా అలారం. తనకి తొమ్మిదింటి వరకూ నిద్ర కావాలి, మాకు ఆ వేళలో పైకి చదువుకోవాలి. ఒకరోజు తను సర్దుకుంటుంది, ఒకరోజు మేం సర్దుకుంటాం. నెల తిరిగేసరికి స్టీలు గిన్నె కాస్త గట్టిగా పెట్టినా "కావాలనే చేసింది" అనిపిస్తుంది. మా సీనియర్ల గదుల్లో చూశాం. ఒక గదిలో ఉన్న ఇద్దరు మాట్లాడుకోవడం మానేస్తే ఆ మౌనం మూడో మనిషి చదువుని కూడా తినేస్తుంది.

ఇదంతా చూశాక ముగ్గురం ఒక మాట అనుకున్నాం. తను మాకు కావాలి, కాని ఆ గదిలో కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. మనవాళ్ళలో చాలామందికి ఇదే మింగుడుపడదు. స్నేహం ఉంటే గది ఇవ్వాలి, గది ఇవ్వకపోతే స్నేహం లేదు అనుకుంటాం. మన ఊళ్ళల్లో కొడుక్కి పెళ్ళయ్యాక ఏం జరుగుతుందో చూడండి. కొన్నాళ్ళకి పక్కనే ఇంకో ఇల్లు వేస్తారు, పొయ్యి వేరు పెడతారు. ఊరంతా వచ్చి కర్ర మోస్తారు, కప్పు వేస్తారు. పొయ్యి వేరైందని తల్లీకొడుకులు విడిపోయారని ఎవరూ అనరు. కూర గిన్నె ఇటు నుంచి అటు పోతూనే ఉంటుంది. పొయ్యి వేరు పెట్టుకోవడం మన పెద్దలకి తెలిసిన పద్ధతే. మనం పట్నం వచ్చాక దాన్ని స్వార్థం అంటున్నాం.

ఇక చెప్పడం ఎలాగ అన్నది. మొదటి సంగతి, ఎప్పుడు చెప్పాలి. మాకు తెలిసిన సీనియర్ అక్కల గదిలో జరిగింది చెప్తాం. వాళ్ళని కూడా ఒక స్నేహితురాలు మార్చిలోనే అడిగింది. వాళ్ళకి ఇష్టం లేదు. మొహం మీద చెప్పలేక "చూద్దాంలే" అన్నారు. ఏప్రిల్లో అడిగితే "ఓనరు ఏమంటాడో చూడాలి" అన్నారు. మేలో ఫోన్ తియ్యడం తగ్గించారు. ఆమె మాత్రం ఆ "చూద్దాం"ని ఒప్పుకోలు కింద తీసుకుంది. మన వాడుకలో దాని అర్థం సగం అదే కదా. వేరే గది వెతకలేదు. జూన్ మొదటి వారంలో పెట్టె, చాప పట్టుకుని ఆటోలో దిగింది. అప్పుడు గుమ్మంలో నిలబెట్టి కాదనాల్సి వచ్చింది. అప్పటికి హాస్టళ్ళు ఖాళీ చేసిన పిల్లలంతా అందిన గదులు పట్టేసుకున్నారు, మిగిలినవి ఆమె కొనలేని అద్దెల్లో ఉన్నాయి. ఆమెకి కోపం వచ్చింది గది ఇవ్వనందుకు కాదు. "మార్చిలోనే చెప్పుంటే నా దారి నేను చూసుకునేదాన్ని" అంది. ఇప్పటికీ వాళ్ళ మధ్య మాటల్లేవు.

గది వెతుక్కోవడానికి ఒక కాలం ఉంటుంది, పోడు చేనుకి ఉన్నట్టే. మార్చి, ఏప్రిల్ నెలల్లో "మే నెలాఖరుకి ఖాళీ అవుతుంది" అనే పోర్షన్లు దొరుకుతాయి. జూన్ వస్తే అందరూ ఒకేసారి వెతుకుతారు. మనం "చూద్దాం" అన్న ప్రతి వారం అవతలి మనిషి వెతుక్కునే కాలంలోంచి ఒక వారం తీసేసుకుంటున్నాం. అందుకే త్వరగా చెప్పడమే మనం చేసే మొదటి మేలు. మా స్నేహితురాలు ఆదివారం అడిగింది. "మేం ముగ్గురం మాట్లాడుకుని బుధవారం చెప్తాం" అన్నాం. బుధవారం చెప్పాం. ఆలోచించుకోవడానికి టైం కావాలంటే అడగొచ్చు, కాని రోజు పేరు పెట్టి అడగాలి.

రెండో సంగతి, ఓనరు పేరు చెప్పొద్దు. "మాకు ఇష్టమేనే, ఓనరు ఒప్పుకోవట్లేదు" అనడం అన్నిటికన్నా సులువు. మా ఓనరు ముగ్గురికనే ఇచ్చారు, ఆ మాట నిజమే. కాని మేం గట్టిగా అడిగితే నాలుగో మనిషికి ఇంకో ఐదొందలు వేసి ఒప్పుకునేవారేమో. అప్పుడు "నేను వచ్చి మాట్లాడతానే, ఆ ఐదొందలు నేనే ఇస్తాను" అని తను అంటే ఏం చేస్తాం? ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకోటి ఆడాలి.

ఇంకా పెద్ద కారణం ఒకటుంది. ఈ గది దొరికే ముందు మేం ఎన్ని గుమ్మాలు తొక్కామో మాకే తెలుసు. గేటుకి టూలెట్ బోర్డు వేలాడుతూ ఉంటుంది. లోపలికి వెళ్తే ఏ ఊరు అంటారు, ఊరు చెప్తే "ఏజెన్సీయా?" అంటారు, ఆ తర్వాత "మీరేటి?" అని అడుగుతారు. చెప్పగానే "అయ్యో, నిన్ననే ఇచ్చేశామమ్మా" అంటారు. నాలుగు రోజుల తర్వాత ఆ సందులోంచి పోతే బోర్డు అలాగే ఉంటుంది. గది ఇవ్వలేదన్న బాధ ఒక రోజు ఉంటుంది. అబద్ధం చెప్పి పంపారన్న బాధ చాలా రోజులుంటుంది. ఆ రుచి ఎలా ఉంటుందో తెలిసిన మనం మన పిల్లకి అదే పెట్టకూడదు. కాదనడానికి మనకి హక్కుంది. బోర్డు ఉంచుకుని లేదనడానికి లేదు.

మూడో సంగతి, ఎవరు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి. వాట్సాప్‌లో పెట్టొద్దని ముందే అనుకున్నాం. మెసేజిలో మొహం కనబడదు, రాత్రి ఒంటరిగా పదిసార్లు చదువుకుంటే ప్రతిసారీ ఇంకో అర్థం వస్తుంది. ముగ్గురం కలిసి కూడా వెళ్ళలేదు. ముగ్గురు ఒకవైపు, తను ఒక్కతే ఒకవైపు కూర్చుంటే అది పంచాయితీలా ఉంటుంది. మాలో తనకి వదిన వరసయ్యే ఆమె ఒక్కతే వెళ్ళింది. హాస్టల్ వెనక బట్టలు ఉతికే చోట, సాయంత్రం. ఏం మాట్లాడాలో ముందే ముగ్గురం అనుకున్నాం. మాట దాదాపు ఇలాగే జరిగింది.

"వదినా, గది సంగతి అడిగావు కదా. మేం ముగ్గురం ఆలోచించాం. నలుగురం ఉండడం కుదరదే."

"ఏటి, నేనేటి చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. నువ్వొచ్చేది పదింబావుకి, మేం లేచేది నాలుగున్నరకి. ఉన్నది ఒక్క గది. నీకు నిద్రుండదు, మాకు చదువుండదు. రెండు నెలలకి నీమీద నేను విసుక్కుంటాను. ఆ రోజు రాకూడదనే ఇప్పుడు చెప్తున్నాను."

"నేను చప్పుడు చెయ్యకుండా ఉంటానే. లైటు కూడా వెయ్యను."

"చీకట్లో అన్నం తింటావా? నువ్వలా బతకడం మాకిష్టం లేదు. ఇది ముగ్గురం కలిసి అనుకున్న మాట, మారదు. నీ గది కోసం మాత్రం ఈ ఆదివారం నుంచే వెతుకుదాం, నేనొస్తాను."

ఇందులో మేం ముఖ్యం అనుకున్నవి కొన్ని చెప్తాం. "కుదరదే" అన్న మాట మొదట్లోనే వచ్చేసింది. పది నిమిషాలు అటూ ఇటూ తిప్పి చివర్లో చెప్తే ఆ పది నిమిషాలూ అవతలి మనిషి ఆశతో వింటుంది. కారణం ఒక్కటే చెప్పాం, అదీ అసలుది. ఐదు కారణాలు చెప్తే ఒక్కోదానికీ ఒక్కో ఉపాయం చెప్తుంది, చివరికి బేరంలా తయారవుతుంది. గుణం గురించి ఏ మాటా అనలేదు. "నువ్వు ఫోనెక్కువ మాట్లాడతావు" అంటే అది తన మీద నింద. "వేళలు కలవవు" అంటే ఇద్దరికీ సమానమైన మాట. "మారదు" అని కూడా చెప్పాం. ఆ మాట కఠినంగా వినిపిస్తుంది. అది చెప్పకపోతే తను మళ్ళీ అడుగుతుంది, మనం మళ్ళీ కాదనాలి, రెండోసారి కాదనడం మొదటిసారి కన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది.

తను ఇంకేమీ అనలేదు. "సరేలే" అని బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయింది. ఎనిమిది రోజులు మెస్సులో వేరే బల్ల దగ్గర కూర్చుంది. ఆ ఎనిమిది రోజులూ మాకు అన్నం సహించలేదన్నది నిజం. అయినా ఆ మౌనాన్ని పోగొట్టడానికని మాట మార్చుకోకూడదు. కోపం తెచ్చుకునే హక్కు తనకుంది. "ఇంకా కోపమా?" అని రోజూ అడగడం కూడా ఒక రకంగా ఒత్తిడి పెట్టడమే. మేం మాట ఇచ్చిన పని మాత్రం చేశాం. ఆదివారం వదిన వరసామె తయారై వెళ్ళి పిలిచింది. మొదటి ఆదివారం రానంది. రెండో ఆదివారం వచ్చింది.

కాదన్న తర్వాత ఏమివ్వగలమో అది కూడా స్పష్టంగా చెప్పాలని మా అభిప్రాయం. "ఏ సాయం కావాలన్నా అడుగు" అనేది గాలిమాట. మేం మూడు సంగతులు చెప్పాం. ఒకటి, గది దొరికేదాకా ప్రతి ఆదివారం ఒకరం తనతో వెతకడానికి వెళ్తాం. రెండు, హాస్టల్ ఖాళీ చేసే రోజుకీ తన గది మొదలయ్యే రోజుకీ మధ్య ఖాళీ వస్తే ఆ నాలుగైదు రాత్రులు మా గదిలో ఉండొచ్చు, పెట్టె కూడా పెట్టుకోవచ్చు. మూడోది కొంచెం వివరంగా చెప్పాలి.

తన నాన్నకి ఒంట్లో బాగోదు. నెలకోసారి కేజీహెచ్‌కి తీసుకురావాలి. పాడేరు వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఇది తెలుసు. పొద్దున ఓపీ చీటీ లైన్లో నిలబడాలంటే ముందు రోజు సాయంత్రమే దిగాలి. పట్నంలో మన పిల్ల గది ఉంటే అక్కడికే వస్తారు, అది సహజం. తను మాతో ఉండాలనుకోవడంలో ఈ ఆశ కూడా ఉందని మాకు తెలుసు. మా ఓనరు మగవాళ్ళు రాత్రి ఉండకూడదని మొదటి రోజే చెప్పారు. అంటే తను మాతో ఉన్నా నాన్నకి చోటుండదు. అందుకని ఇలా అన్నాం. అమ్మ వస్తే ఆ రాత్రి మా గదిలో పడుకుంటుంది. నాన్నకి పట్నంలో ఉంటున్న మా అన్నయ్యల గదిలో చోటు అడిగి పెట్టాం. పొద్దున చీటీ లైన్లో మాలో ఒకరం నిలబడతాం, తను షాపు టైముకి వెళ్ళిపోవచ్చు. నెలకి ఒక రాత్రి, ఒక పొద్దు. ఇది మేం చెయ్యగలం కాబట్టే చెప్పాం. గది అడిగినప్పుడు ఆ మనిషికి నిజంగా కావలసింది ఏంటో కనుక్కోవాలి. చాలాసార్లు అందులో కొంత భాగం గది ఇవ్వకుండానే తీర్చొచ్చు.

చివరికి తనకి జగదాంబ దగ్గరే ఒక వర్కింగ్ ఉమెన్స్ హాస్టల్లో బెడ్ దొరికింది, భోజనంతో కలిపి నెలకి 5,000. మాతో నలుగురిలో ఒకతిగా ఉంటే అద్దె, సరుకులు, గ్యాసు, కరెంటు అన్నీ కలిపి 3,725 దాకా అయ్యేది. అంటే నెలకి 1,275 ఎక్కువ. షాపుకి నడిచి వెళ్ళొచ్చు కాబట్టి రోజుకి 30 చొప్పున 26 రోజుల బస్సు ఖర్చు 780 మిగులుతుంది. ఇంకా 495 రూపాయల భారం తన మీదుంది. మా "కుదరదు"కి తను కడుతున్న ఖరీదు అది. దాన్ని దాచిపెట్టి "అందరికీ మంచే జరిగింది" అని మేం రాయం.

ఇంకో సంగతి మర్చిపోవద్దు. మన ఊళ్ళల్లో మాట సంతరోజున నడుస్తుంది. వాళ్ళమ్మ సంతలో మా అమ్మని పట్టుకుని "మీ పిల్లలు పట్నం ఎక్కాక మారిపోయారంట కదా" అంటే మా అమ్మ ఏం చెప్తుంది? అందుకే చెప్పిన రోజు రాత్రే ముగ్గురం ఇళ్ళకి ఫోన్ చేసి అదే కారణం, అవే మాటల్లో చెప్పాం. ఆసుపత్రికి వచ్చేటప్పుడు అమ్మకి చోటుందని కూడా చెప్పాం. మాట వచ్చింది, రాకుండా ఉండదు. మా అమ్మ మాత్రం "పిల్లలు వేళలు కుదరవన్నారు, నువ్వొస్తే వాళ్ళ దగ్గరే పడుకుంటావంట" అని చెప్పగలిగింది.

"ఇవన్నీ పట్నం బుద్ధులు, మనం పంచుకుని బతికేవాళ్ళం" అని కొందరు అన్నలు అంటారు. పంచుకుని బతికామన్నది నిజమే. కాని ఒక మంచం మీద ఇద్దరు పడుకున్నది మనం పంచుకుందామని అనుకుని కాదు, రెండో మంచం లేక. లేమిని మన సంప్రదాయం అని పొగుడుకోవద్దు. అన్నం పంచుకోవచ్చు, పుస్తకాలు పంచుకోవచ్చు, వెయ్యి రూపాయలు ఉంటే ఐదొందలు ఇవ్వొచ్చు. తెల్లారి నాలుగున్నర నుంచి ఎనిమిది వరకూ ఉండే చదువు మాత్రం సగం ఇస్తే ఇద్దరికీ మిగలదు. మా ముగ్గురి వెనక మేకని అమ్మిన ఇళ్ళున్నాయి. ఆ వేళని కాపాడుకోవడం వాళ్ళకి మేం బాకీ ఉన్న పని.

ఈ అభిప్రాయానికి ఒక హద్దుంది. ఇష్టం లేని పెళ్ళి తప్పించుకుని వచ్చిన పిల్ల అడిగితే, కొట్టే ఇంట్లోంచి వచ్చిన పిల్ల అడిగితే, ఆ రాత్రికి తలదాచుకునే చోటు లేక అడిగితే, అది గదిలో వాటా అడగడం కాదు. అప్పుడు చాపలు జరిపి చోటివ్వాలి, ఓనరుతో మనమే మాట్లాడాలి, మర్నాడు పెద్ద అక్కల్ని కలుపుకుని ఏం చెయ్యాలో చూడాలి. వాటా అడగడానికీ ఆశ్రయం అడగడానికీ తేడా కనుక్కోవడం కష్టం కాదు. "ఈ రాత్రి నువ్వెక్కడుంటావు?" అని అడిగితే తెలిసిపోతుంది.

ఇది పెట్టే ముందు మా స్నేహితురాలికి చదివి వినిపించాం, పెట్టమంది. "నాకు బాధేసిందని కూడా రాయండి, ఊరికే అర్థం చేసుకున్నట్టు రాయకండి" అంది. అందుకే రాస్తున్నాం, తనకి బాధేసింది. తన ఫస్ట్ జీతం మే నెలాఖరుకి వస్తుంది. ఆ ఆదివారం మా గదికి భోజనానికి వస్తానంది, కోడి తనే తెస్తానంది. రాత్రి ఎనిమిదిన్నర బస్సుకి వెళ్ళిపోతానని కూడా తనే చెప్పింది.

మీ హాస్టల్లో కూడా ఈ నెలలో ఎవరో ఒకరు మిమ్మల్ని అడిగే ఉంటారు. మీ మనసులో "అవును" ఉంటే ఈ రోజే చెప్పండి. "కాదు" ఉన్నా ఈ రోజే చెప్పండి, వాళ్ళకి ఇంకా గదులు దొరికే రోజులు మిగిలుండగానే.